గోడ వారగా వెళ్ళిన బంతి

టెన్నిస్‌లోనూ బ్యాడ్మింటన్‌లోనూ ప్రత్యర్థి నెట్‌కు అవతల ఉంటాడు. స్క్వాష్‌లో మీ పక్కనే ఉంటాడు. ఇద్దరూ ముందు గోడ వైపు తిరిగి, ఒకే నేల మీద అటూ ఇటూ పరుగెత్తుతూ, ఒకే బంతిని వంతులవారీగా కొడతారు. కాబట్టి ఈ ఆటలో అవతలివాడి కోర్టు, ఇవతలివాడి కోర్టు అంటూ ఉండవు. ఉన్నదల్లా నాలుగు గోడల గది, ఆ గదిలో మధ్యచోటు ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న. స్ట్రెయిట్ డ్రైవ్, బోస్ట్, డ్రాప్ అనే మూడు షాట్లూ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. వాటిని విడివిడిగా నేర్పుతారు గానీ, నిజానికి అవి ఒకదాని వెంట ఒకటి వచ్చే షాట్లు. ఒక్క ర్యాలీని మొదటి నుంచి చివరిదాకా నిదానంగా చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది.

ముందు గది కొలతలు చూద్దాం. సింగిల్స్ కోర్టు పొడవు 9.75 మీటర్లు, వెడల్పు 6.4 మీటర్లు. ముందు గోడ మీద 4.57 మీటర్ల ఎత్తున ఒక ఎర్ర గీత ఉంటుంది. అది పక్క గోడల మీదుగా ఏటవాలుగా దిగుతూ వెనక గోడ దగ్గరికి వచ్చేసరికి 2.13 మీటర్లకు చేరుతుంది. బంతి ఆ గీతను తాకినా, దాటినా అవుటే. ముందు గోడ అడుగున 48 సెంటీమీటర్ల ఎత్తున్న రేకు పట్టీ ఉంటుంది. దాన్ని టిన్ అంటారు. పెద్ద ప్రొఫెషనల్ టోర్నమెంట్లలో దాని ఎత్తు 43 సెంటీమీటర్లే. బంతి దానికి తగిలితే డబ్బా మోత మోగుతుంది, పాయింటు పోతుంది. కొట్టిన బంతి పక్క గోడలకు ఎన్నిసార్లు తగిలినా ఫర్వాలేదు. నేలను తాకేలోపు టిన్‌కు పైన ముందు గోడను చేరితే చాలు. అవతలివాడు దాన్ని నేల మీద రెండోసారి పడకముందే తిరిగి కొట్టాలి. ఇంతకుమించి నియమాలు ఈ వ్యాసానికి అక్కర్లేదు.

నేల మీద ముందు గోడకు 5.44 మీటర్ల దూరంలో ఒక అడ్డగీత ఉంటుంది. దాని మధ్య నుంచి వెనక గోడ దాకా ఒక నిలువు గీత వెళుతుంది. రెండూ కలిసేచోటు పేరు టీ. అక్కడ నిలబడినవాడికి వెనక మూలలు సుమారు 5.4 మీటర్ల దూరంలో, ముందు మూలలు సుమారు 6.3 మీటర్ల దూరంలో ఉంటాయి. రెండు మూడు పెద్ద అంగలు వేసి రాకెట్ చాచితే ఏ మూలనైనా అందుకోవచ్చు. కోర్టులో మరెక్కడ నిలబడినా ఏదో ఒక మూల దూరమైపోతుంది. అందుకే ప్రతివాడూ కొట్టగానే టీ దగ్గరికి రావాలని చూస్తాడు, అవతలివాణ్ణి అక్కడి నుంచి కదిలించాలని చూస్తాడు.

ఇక ర్యాలీలోకి వెళదాం. మీరు ఎడమ వైపు వెనక భాగంలో ఉన్నారు. ఎడమ గోడకు ఒక మీటరు దూరం, వెనక గోడకు ఒకటిన్నర మీటర్ల దూరం. కుడిచేతి ఆటగాడికి ఇది బ్యాక్‌హ్యాండ్ వైపు, చాలామందికి బలహీనమైన వైపు. ప్రత్యర్థి టీ దగ్గర కాచుకుని ఉన్నాడు. ఇక్కడ మీరు కొట్టవలసింది స్ట్రెయిట్ డ్రైవ్. బంతి ఎడమ గోడ వెంబడే ముందుకు వెళ్ళి, ముందు గోడకు తగిలి, మళ్ళీ ఎడమ గోడ వెంబడే వెనక్కి వచ్చి, మీరు కొట్టిన మూలలోనే పడాలి. పేరుకు తగ్గట్టు తిన్నగా కొడితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోదు. మీరు గోడకు మీటరు దూరంలో ఉన్నారు. సరిగ్గా గోడకు సమాంతరంగా కొడితే బంతి మీటరు దూరంలోనే తిరిగి వస్తుంది. అది అవతలివాడికి హాయిగా రాకెట్ ఊపుకునేంత చోటు.

కాబట్టి బంతిని గోడ వైపు కొద్దిగా వాల్చి కొట్టాలి. ఎంత వాల్చాలి? బంతి మీ దగ్గర నుంచి ముందు గోడకు సుమారు 8.25 మీటర్లు వెళ్ళి, అక్కడి నుంచి వెనక్కి ఇంకో ఏడున్నర మీటర్లు రావాలి. ఈ మొత్తం ప్రయాణంలో ఆ మీటరు దూరాన్ని మెల్లమెల్లగా తగ్గించుకుంటూ చివర్లో గోడను ఆనుకోవాలి. ప్రయాణంలో సగం కాస్త దాటాక ముందు గోడ వస్తుంది కాబట్టి, అప్పటికి దూరంలోనూ సగం తగ్గి ఉండాలి. అంటే బంతి ముందు గోడ మీద ఎడమ మూలకు సుమారు అరమీటరు దూరంలో తగలాలి. కోణంగా చూస్తే నాలుగు డిగ్రీలు కూడా లేదు.

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో చూడండి. అరమీటరుకు బదులు 20 సెంటీమీటర్ల దూరంలో తగిలిందనుకుందాం. ముందు గోడ నుంచి తిరిగొస్తూ రెండు మీటర్లు రాకముందే అది పక్క గోడను ఢీకొంటుంది. అక్కడి నుంచి కోర్టు లోపలికి మళ్ళుతుంది. వెనక భాగానికి చేరేసరికి గోడకు అరమీటరు దాకా బయటికి వచ్చేసి ఉంటుంది. ముందు గోడ మీద జానెడు కన్నా కొంచెం ఎక్కువ తేడా వెనక మూలలో షాట్ స్వభావాన్నే మార్చేస్తుంది. పక్క గోడకు తగలడం తప్పు కాదు, తొందరగా తగలడమే తప్పు. అడ్డగీత వెనక గోడ పక్కన ఉండే సర్వీస్ బాక్స్ ప్రాంతం చేరాక తగిలితే చాలా మంచిది.

అక్కడ గోడకు అతుక్కున్న బంతిని దగ్గరి నుంచి చూస్తే దాని బలం తెలుస్తుంది. బంతి వ్యాసం 4 సెంటీమీటర్లు. రాకెట్ తల వెడల్పు 20 సెంటీమీటర్ల చిల్లర. బంతి గోడను రాసుకుంటూ వెళుతుంటే రాకెట్ తీగల మధ్యభాగం దాని వెనక్కి చేరే వీలే లేదు. ఫ్రేమ్ గోడకు గీసుకుంటుంది, బంతి తీగల అంచునో ఫ్రేమ్ అంచునో తగులుతుంది. గోడల మీద, ముఖ్యంగా వెనక మూలల్లో, కనబడే నల్లటి గీతలు చాలావరకు ఇలా ఏర్పడినవే. అక్కడి నుంచి గురిచూసి కొట్టడం అటుంచి, బంతిని ఎలాగోలా ముందు గోడ దాకా పంపడమే గగనం.

గోడకు దగ్గరగా ఉండటం సగం పనే. మిగతా సగం లోతు. ఆటగాళ్ళు దీన్ని లెంగ్త్ అంటారు. బంతి మొదటిసారి సర్వీస్ బాక్స్ వెనక అంచు దాటాక నేలను తాకాలి, రెండోసారి వెనక గోడ మొదట్లోనే పడాలి. మొదటి టప్పా ముందుగానే, కోర్టు నడిమధ్యన పడిందంటే బంతి ప్రత్యర్థి నడుము ఎత్తున వస్తుంది. అతను టీ వదలకుండానే కొట్టేస్తాడు. మరీ లోతుగా పడితే వెనక గోడకు ఎత్తున తగిలి మళ్ళీ మధ్యలోకి వస్తుంది, అతనికి కావలసినంత సమయం దొరుకుతుంది. ఈ లోతు బలంతో కన్నా ఎత్తుతో వస్తుంది. ముందు గోడ మీద సర్వీస్ గీత 1.78 మీటర్ల దగ్గర ఉంటుంది. వెనక నుంచి కొట్టే డ్రైవ్ దానికి పైన తగిలితేనే మామూలు వేగంతో వెనక మూల చేరుతుంది. కొత్తవాళ్ళు గట్టిగా, కిందికి కొడతారు. బంతి రివ్వున వెళుతుంది, చప్పుడు బాగుంటుంది, కానీ కోర్టు మధ్యలోనే పడుతుంది. ఎత్తుగా, ఓ మోస్తరు వేగంతో కొట్టిన బంతికి అంత ఆర్భాటం ఉండదు. కానీ పాయింటు దానికే వస్తుంది.

ఈ షాట్‌లో ఎంత ఓర్పు ఇమిడి ఉందో చెప్పడానికి 1983లో ఇంగ్లండ్‌లోని చిచెస్టర్‌లో జరిగిన ఫైనల్ ఒక్కటి చాలు. పాకిస్తాన్‌కు చెందిన జహంగీర్ ఖాన్, ఈజిప్టుకు చెందిన గమాల్ అవద్ ఆడిన ఆ మ్యాచ్ 2 గంటల 46 నిమిషాలు సాగింది. మొదటి గేమ్ ఒక్కటే గంటా 11 నిమిషాలు. అప్పట్లో సర్వ్ చేసినవాడు గెలిస్తేనే పాయింటు కాబట్టి గేములు సాగేవి. అయినా అసలు కారణం గోడ వెంబడి సాగిన సుదీర్ఘ ర్యాలీలే. మొదటి గేమ్ అవద్ గెలిచాడు. మిగతా మూడూ జహంగీర్ గెలిచాడు. చివరి గేమ్ స్కోరు 9-2. వెనక మూలలకు అన్నిసార్లు పరుగెత్తిన కాళ్ళలో అప్పటికి సత్తువ మిగల్లేదు.

మన ర్యాలీకి వద్దాం. మీ డ్రైవ్ బాగా పడింది. టీ వదిలిపెట్టి ప్రత్యర్థి వెనక ఎడమ మూలకు వెళ్ళక తప్పలేదు. ఆ ఖాళీ అయిన టీ ఇప్పుడు మీది. బంతి అతన్ని దాటి వెనక గోడ దగ్గరికి వెళ్ళిపోయింది. తిన్నగా ముందు గోడకు కొడదామంటే రాకెట్ వెనక్కి ఊపడానికి వెనక గోడ అడ్డం. అప్పుడతనికి మిగిలిన దారి పక్క గోడ. బంతిని ఎడమ గోడకు కొట్టి, అక్కడి నుంచి ముందు గోడ కుడి చివరకు పంపుతాడు. ఇదే బోస్ట్. క్యారమ్స్‌లో తిన్నగా దొరకని కాయ కోసం స్ట్రైకర్‌ను పక్క చట్రానికి కొట్టి మళ్ళించడం లాంటిదే ఇదీ.

పక్క గోడ మీద ఎక్కడ కొట్టాలో చెప్పడానికి కోచ్‌లు ఒక చక్కటి ఉపాయం చెబుతారు. ఎడమ గోడ అసలు లేదనుకోమంటారు. గోడ అవతల, దాన్ని ఆనుకుని, మరో కోర్టు ఉందనుకోవాలి. ఆ పక్క కోర్టు ముందు గోడకు ఎడమ చివర మూలను గురి చూసి కొట్టాలి. బంతి ఆ మూలకు వెళ్ళే దారిలో మన ఎడమ గోడ అడ్డుపడి, దాన్ని అద్దంలో ప్రతిబింబంలా మన కోర్టు కుడి మూలకు మళ్ళిస్తుంది. ఈ ఉపాయం వెనక ఉన్నది బడిలో చదువుకున్న పరావర్తన సూత్రమే.

అంకెల్లో చూస్తే ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. ప్రత్యర్థి ఎడమ గోడకు మీటరు దూరంలో, ముందు గోడకు ఎనిమిదిన్నర మీటర్ల దూరంలో ఉన్నాడనుకుందాం. బంతి ముందు గోడ మీద కుడి మూలకు అరమీటరు దూరంలో తగలాలంటే, పక్క గోడ మీద అతని కన్నా 1.2 మీటర్లు మాత్రమే ముందున్న చోట కొట్టాలి. అంటే దాదాపు పక్కకే. మొదటిసారి ఆడేవాళ్ళెవరికీ ఇది నమ్మబుద్ధి కాదు. బంతి ముందుకు వెళ్ళాలి కదా అని ఇంకాస్త ముందు కొడతారు. రెండున్నర మీటర్లు ముందు కొడితే ఏమవుతుంది? బంతి ముందు గోడను సరిగ్గా మధ్యకు కాస్త ఎడమగా తాకి, టీ దిక్కుగా వచ్చేస్తుంది. అక్కడ మీరు నిలబడి ఉన్నారు. క్లబ్బుల్లో నేను చూసిన బోస్ట్‌లలో ఎక్కువ భాగం ఇలాగే చెడిపోతాయి. మరీ పక్కకు కొడితే ఇంకో చిక్కు. బంతి ముందు గోడ కన్నా ముందే కుడి గోడకు తగిలి, వేగమూ ఎత్తూ కోల్పోయి టిన్ మీద పడుతుంది.

అసలు కోర్టులో అద్దం సూత్రం పూర్తిగా నిజం కాదు. రబ్బరు బంతి గోడకు గుద్దుకున్నప్పుడు గోడకు ఎదురుగా ఉన్న వేగంలో సుమారు సగం పోతుంది. గోడ వెంబడి ఉన్న వేగం అంతగా తగ్గదు. అందువల్ల బంతి లెక్కలో చెప్పినదాని కన్నా గోడకు కాస్త దగ్గరగా వంగి వెళుతుంది. కాబట్టి అనుభవమున్నవాళ్ళు మరికొంత పక్కకే కొడతారు. ఎత్తుకూ ఇదే వర్తిస్తుంది. ముందు గోడ దాకా ఈ బంతి ప్రయాణం 11 మీటర్లు. మధ్యలో ఒక గోడకు గుద్దుకుని నెమ్మదిస్తుంది. అందుకే రాకెట్ ముఖం తెరిచి, పైకి ఎత్తి కొట్టకపోతే టిన్ దాటదు.

బాగా కుదిరిన బోస్ట్ ముందు గోడకు కుడి చివర తగిలి, కుడి గోడ దగ్గర నేల మీద చప్పగా పడిపోతుంది. టీ నుంచి అది 6 మీటర్లకు పైగా దూరం. మీరు సిద్ధంగా లేకపోతే పాయింటు అతనిదే. అయినా నా అభిప్రాయంలో వెనక మూల నుంచి బోస్ట్ ఆడటం ప్రధానంగా ఆత్మరక్షణే. ఆ 11 మీటర్లూ ప్రయాణించే లోపు చూసే కళ్ళున్న ప్రత్యర్థికి సమయం దొరుకుతుంది. అతని భుజం పక్క గోడ వైపు తిరగడం, రాకెట్ వెనక గోడ వైపు వెళ్ళడం కనబడగానే వచ్చేది బోస్ట్ అని తెలిసిపోతుంది. దానికి తోడు, బోస్ట్ కొట్టినవాడు వెనక ఎడమ మూలలో ఉంటాడు, బంతి ముందు కుడి మూలలో ఉంటుంది. కోర్టులో ఒకదానికొకటి అన్నిటికన్నా దూరంగా ఉన్న రెండు మూలలు అవే. ఆ కర్ణం పొడవు 11.66 మీటర్లు.

ఆ దూరాన్నే ఇప్పుడు మీరు వాడుకోవాలి. అతని భుజం తిరగడం చూసి ముందుకు కదిలారు. బంతి కుడి మూలలో, ముందు గోడకు రెండు మీటర్ల దూరంలో మీకు దొరికింది. ప్రత్యర్థి టీ వైపు పరుగెత్తుకు వస్తున్నాడు గానీ ఇంకా చేరలేదు. ఇప్పుడు డ్రాప్.

డ్రాప్ అంటే మెత్తగా కొట్టడమే అనుకుంటారు. అసలు గుట్టు ఎత్తులో ఉంది. బంతి టిన్‌కు 10 సెంటీమీటర్ల పైన, అంటే నేల నుంచి 58 సెంటీమీటర్ల ఎత్తున గోడను తాకి, అడ్డంగా వెనక్కి వచ్చిందనుకుందాం. అది నేలను చేరడానికి సుమారు 0.34 సెకను పడుతుంది. వేడెక్కిన స్క్వాష్ బంతి నేలను తాకే వేగంలో దాదాపు సగంతో పైకి లేస్తుంది కాబట్టి, రెండో టప్పాకు ఇంకో 0.34 సెకను. మొత్తం ముప్పాతిక సెకను కూడా కాదు. అదే బంతి మీటరు ఎత్తున తగిలితే మొత్తం 0.9 సెకను అవుతుంది. తేడా 0.2 సెకను. ఆ కాస్త సమయంలో పరుగులో ఉన్న మనిషి మరో అంగ వేసి, రాకెట్ చాచి బంతిని లేపగలడు. మెత్తదనం ఎక్కడ పనికొస్తుందంటే దూరం దగ్గర. గోడ నుంచి సెకనుకు 3 మీటర్ల వేగంతో తిరిగొస్తే మొదటి టప్పా గోడకు మీటరు దూరంలో పడుతుంది, 6 మీటర్ల వేగంతో వస్తే రెండు మీటర్ల దూరంలో. గోడకు ఎంత దగ్గరగా పడితే అతను అంత ఎక్కువ పరుగెత్తాలి.

మంచి ఆటగాళ్ళు డ్రాప్‌ను బంతి కిందుగా కోస్తూ కొడతారు. రాకెట్ ముఖం కొద్దిగా తెరిచి, పై నుంచి కిందికి జారుస్తారు. దాంతో బంతి వెనక్కి తిరుగుతూ వెళుతుంది. అంటే గోడకు ఎదురుగా ఉన్న దాని ముఖం పైకి కదులుతూ ఉంటుంది. గోడను తాకగానే ఆ రాపిడి బంతిని కిందికి తోస్తుంది. అందుకే కోసి కొట్టిన డ్రాప్ గోడ నుంచి తటాలున కిందికి దిగుతుంది.

ఇక పక్క గోడ సంగతి. గోడా నేలా కలిసే గీతను నిక్ అంటారు. బంతి రెండిటినీ ఒకేసారి తాకితే పైకి లేవదు, నేల మీద దొర్లిపోతుంది. దాన్ని ఎవరూ తిరిగి కొట్టలేరు. కానీ నిక్‌కు అంగుళం పైన గోడకు తగిలితే బంతి కోర్టు లోపలికి ఎగిరి వస్తుంది, ప్రత్యర్థి చేతికి చిక్కుతుంది. అదే ముందు నేలను తాకి, తరువాత గోడను తాకితే గోడను పట్టుకునే ఉంటుంది. కాబట్టి నిక్ కోసం ఆశపడుతూ ఎత్తున కొట్టడం కన్నా, నేల మొదట తాకి గోడకు అతుక్కునేలా కొట్టడం మేలు. ఎత్తు విషయంలోనూ అంతే. టిన్‌కు వెంట్రుకవాసి పైన కొట్టబోయి టిన్‌కే కొట్టేవాడు పాయింటు ఉచితంగా ఇచ్చేస్తాడు. పది సెంటీమీటర్ల వెసులుబాటు ఉంచుకున్నవాడు అవతలివాణ్ణి 8 మీటర్లు పరుగెత్తించి, అతను తీసినా మళ్ళీ ఖాళీ కోర్టులోకి కొడతాడు.

ఈ లెక్కలన్నీ బంతి వేడి మీద ఆధారపడి ఉంటాయి. నిబంధనల ప్రకారం బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలితే, 23 డిగ్రీల దగ్గర అది కనీసం 12 శాతం ఎత్తుకు, అంటే 30 సెంటీమీటర్లకు లేవాలి. 45 డిగ్రీల దగ్గర అందుకు రెట్టింపు లేస్తుంది. ఆట మొదలయ్యే ముందు ఆటగాళ్ళు బంతిని కొట్టి కొట్టి వేడి చేసేది ఇందుకే. మన వేసవిలో ఏసీ లేని కోర్టుల్లో బంతి బాగా ఎగురుతుంది. అక్కడ డ్రైవ్ వెనక గోడకు తగిలి బయటికి వచ్చేస్తుంది, డ్రాప్ లేచి నిలబడుతుంది. అలాంటి కోర్టులో డ్రైవ్ కాస్త పొట్టిగా, డ్రాప్ ఇంకా కిందుగా కొట్టాలి. చల్లటి కోర్టులో దీనికి తలకిందులు. అక్కడ డ్రైవ్ ఎత్తుగా కొట్టకపోతే వెనక మూల చేరదు, మామూలు డ్రాప్ కూడా పాయింటు తెస్తుంది.

2028 లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్‌లో స్క్వాష్ తొలిసారిగా అడుగుపెడుతోంది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో పాకిస్తాన్‌ను ఓడించి స్వర్ణం గెలిచిన మన పురుషుల జట్టును చూసినవాళ్ళకు ఆ పోటీల మీద ఆసక్తి ఉండనే ఉంటుంది. ఈలోగా మీకు దగ్గర్లో కోర్టు ఉండి, మీరో మీ పిల్లలో రాకెట్ పట్టుకుంటే, బోస్ట్ నేర్చుకోవడానికి తొందరపడకండి. వెనక మూలలో ఇరుక్కున్న ప్రతిసారీ పక్క గోడకు కొట్టే అలవాటు ఒకసారి పడితే వదలదు, అవతలివాడు దాని కోసమే ముందు మూలలో కాచుకుంటాడు. మొదట సర్వీస్ బాక్స్ వెనక ఒక కాగితం ముక్క అతికించి, గోడ వెంబడి డ్రైవ్ కొడుతూ బంతి దాని చుట్టుపక్కలే పడేదాకా సాధన చేయండి. బోస్ట్, డ్రాప్ ఆ తరువాతే.